వదినె కాలు, నా వెన్ను

ఆ దగ్గు పెద్దదేమీ కాదు. మా కాలనీలో పొద్దున్నే గొంతు సవరించుకోని ఇల్లు ఉండదు. ఓపెన్‌కాస్టు గని మీదుగా వచ్చే గాలిలో ఎప్పుడూ సన్నటి దుమ్ము ఉంటుంది. ఆ రోజు నేను పెరట్లో నల్లా దగ్గర వంగి, నిలిచిన నీళ్లను చీపురుతో మోరీ వైపు నెడుతున్నాను. దగ్గు వచ్చింది. లేచి నిలబడి దగ్గాలని ఎవరికి తోస్తుంది? వంగిన దాన్ని వంగినట్టే దగ్గాను. వీపు నడిమధ్య, జాకెట్టు కింది అంచు తగిలే చోట, లోపల ఏదో చిట్లింది. చప్పుడు విన్నానని చెప్పలేను. ఒంటికి మాత్రం తెలిసింది.

నల్లా పట్టుకుని అలాగే ఉండిపోయాను. లేవడానికి లేదు, కూర్చోవడానికి లేదు. ఊపిరి లోపలికి తీస్తే వీపు నుంచి పక్కటెముకల మీదుగా ముందుకు ఎవరో తాడు బిగించి లాగినట్టు నొప్పి. నీళ్లు ధారగా కారుతున్నాయి. నల్లా కట్టేయడానికి కూడా చెయ్యి వదలలేకపోయాను. కొంచెం సేపటికి నీళ్ల చప్పుడు ఆగట్లేదేమిటని కోడలు బయటికి వచ్చింది.

"ఏమైందత్తమ్మా?"

"లేవొస్తలేదు బిడ్డా."

ఆమె నా చంకల కింద చేతులు వేసి, నేను వంగిన వంపులోనే నన్ను మెల్లగా నడిపించుకుంటూ తెచ్చి మంచం మీద పడుకోబెట్టింది. పడుకున్నాక నొప్పి కొంత తగ్గింది. అమ్మయ్య అనుకున్నాను. ఆ మంచమే నాకు జైలు అవుతుందని అప్పటికి తెలియదు.

మాది కంపెనీ క్వార్టరు. రెండు గదులు, వంటిల్లు, పెరటి చివర మరుగుదొడ్డి. మా ఆయన భూగర్భ గనిలో బొగ్గు నింపిన మనిషి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కొడుకు అదే కంపెనీలో షిఫ్టులు చేస్తున్నాడు. నా మంచం ముందు గదిలో కిటికీ పక్కన ఉంటుంది. ఆ కిటికీ గట్టు మీద ఎంత తుడిచినా సాయంత్రానికి మళ్లీ ఒక నల్లటి పొర పరుచుకుంటుంది. నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ పొర మీదే. అరవై దాటాక, మధ్యాహ్నం పని అయ్యాక, కోడలు పక్కన కూర్చుని వేలితో రాసి చూపించేది. నేను దాని కింద రాసేదాన్ని. తప్పు పోతే అరచేత్తో తుడిచేస్తే సరిపోయేది. పలక కొందామని కొడుకు అంటే, ఇంటికే వచ్చే పలక ఉండగా వేరేది ఎందుకని నేనే వద్దన్నాను.

మొదటి రోజంతా అది గ్యాస్ నొప్పి అనుకున్నారు. నొప్పి ముందుకు పాకుతోంది కదా, అందుకని. కొడుకు మందుల షాపు నుంచి సీసా మందూ, నొప్పి గోలీలూ తెచ్చాడు. గోలీ వేసుకుంటే పడుకున్నంతసేపు బాగానే ఉండేది. పక్కకు తిరగాలంటే మాత్రం ముందు మనసులో తిరగాలి, తర్వాత పళ్లు బిగించాలి, ఆ తర్వాత ఒళ్లు కదపాలి. దొడ్డికి పోవాలంటే కోడలు రావాలి. అందుకని నీళ్లు తాగడం తగ్గించాను. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ పెడతారు. ఇన్నేళ్లుగా నేను దాన్ని పట్టించుకున్నదే లేదు, గిన్నెలు గలగలమంటే బ్లాస్టింగ్ అయిందని అన్నం వడ్డించేదాన్ని. ఇప్పుడు ఆ వేళ దగ్గర పడుతుంటే మంచం పట్టె గట్టిగా పట్టుకునేదాన్ని. నేల అదిరి మంచం అదిరితే ఆ అదురు సూటిగా ఆ ఒక్క చోటికే వచ్చేది.

అన్నిటికంటే దగ్గంటే భయం. గొంతులో గర అనిపిస్తే చాలు, మింగుతూ, వేడినీళ్లు చప్పరిస్తూ, దాన్ని లోపలే ఆపడానికి చూసేదాన్ని.

రెండో రోజు సాయంత్రం మా వదినె వచ్చింది.

వదినె అంటే మా ఆయన అక్క. మా వెనక లైనులోనే ఉంటుంది. ఈ కాలనీలో ఆమె తెలియని ముసలి కార్మికుడు లేడు. తల్లి కడుపులో నుంచి ఆమె తల ముందు కాకుండా కాళ్లు ముందుగా పుట్టింది. అలా పుట్టిన మనిషి కాలు తగిలితే నడుము పట్టు విడుస్తుందని మా దగ్గర నమ్మకం. తట్టలు మోసీ, బొగ్గు తొట్లు తోసీ, పైకప్పు వంగిన చోట వంగి వంగీ నడుము పట్టని గని మనిషి ఉండడు కదా. రాత్రి షిఫ్టు దిగి, తలకు టోపీ లైటు గుర్తు పోకముందే ఆమె గడప దగ్గరికి వచ్చి బోర్లా పడుకునేవాళ్లు. ఆమె పరగడుపున తలుపు చట్రం పట్టుకుని, కుడికాలు పట్టిన చోట ఆనించి మూడుసార్లు అదిమేది. వాళ్లు లేచి దండం పెట్టి పోయేవాళ్లు. మా ఆయన ఎన్నిసార్లు పడుకున్నాడో. నా కొడుకూ అంతే.

ఆమె వచ్చి మంచం మీద నా కాళ్ల దగ్గర కూర్చుంది. ఆమె కూర్చున్న బరువుకు మంచం నులక కుంగి, నాకు ప్రాణం పోయి వచ్చింది.

"ఏందే పిల్లా, నేను సచ్చినంక చెప్పి పంపుదామనుకున్నవా?" అంది.

నాకు డెబ్బై దగ్గర పడుతున్నా ఆమెకు నేను పిల్లనే. వీపు చూపించమంది. కోడలు నన్ను పక్కకు తిప్పింది. వదినె చేత్తో అటూ ఇటూ తడిమి, పట్టే, ఏం కాదు, రేపు పొద్దుగాల ఏమీ తినకుండా ఉంచండి అని తేల్చేసింది. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన నా కొడుక్కి ముఖం విప్పారింది. పోయిన వానాకాలం తాను లేవలేక పడుంటే అత్త ఒక్కసారి కాలు పెట్టగానే షిఫ్టుకు పోయిన సంగతి మళ్లీ చెప్పాడు. దవాఖానకు పోదామా అని కోడలు మెల్లగా అంటే, పట్టుకు దవాఖానలో సూది తప్ప ఏమిస్తారని వాళ్లిద్దరూ నవ్వారు.

వదినెకు ఎదురు చెప్పిన అలవాటు నాకు లేదు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి నన్ను దవాఖానకైనా బజారుకైనా తీసుకుపోయింది ఆమే. నా కాన్పులకు దగ్గరుంది ఆమే. చదువు లేని నన్ను బస్సెక్కించి దింపింది ఆమే. ఆమె మాటకు తలూపడం నాకు ఊపిరి తీసుకున్నట్టే.

కానీ పట్టు అంటే ఏమిటో నాకూ తెలుసు. బొగ్గు మోసినవాడి పెళ్లాన్ని, నాకు పట్టని రోజులా? పట్టుకు తోమితే హాయిగా ఉంటుంది. దీన్ని ఆమె వేళ్లు ఊరికే తాకితేనే కళ్లు బైర్లు కమ్మాయి. ఇది వేరే. వేరే అని తెలుస్తోంది గానీ, ఏమిటని అడిగితే చెప్పడానికి నా దగ్గర మాట లేదు. మాట లేకుండా ఎలా కాదంటాను?

తెల్లారింది. వదినె స్నానం చేసి, తడి వెంట్రుకలు ముడేసుకుని, పరగడుపున వచ్చింది. గడప దగ్గర చాప వేశారు. నేను దాని మీద బోర్లా పడుకోవాలి. కొడుకు నన్ను ఎత్తడానికి లుంగీ పైకి కట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. చాపను చూశాను. ఆ చాపకూ నా మంచానికీ మధ్య నా మాట వినేవాళ్లు ఎవరూ లేరనిపించింది. అందరూ నా మంచి కోరేవాళ్లే. అదే నన్ను కదలకుండా కట్టేసింది.

చెయ్యి ఒక్కటే కదులుతోంది. కిటికీ గట్టు అందుతోంది. దుమ్ము మీద వేలితో రాశాను: వద్దు.

కోడలు నా తల కింద దిండు తీయడానికి వంగింది. గట్టు మీద చూసింది. ఆమె చెయ్యి దిండు మీదే ఆగిపోయింది. ఆమె చెప్పేస్తుందనీ, నేను కళ్లు మూసుకోవచ్చనీ అనుకున్నాను. ఆమె నా చెవి దగ్గరికి వచ్చి, అందరికీ వినబడేటట్టే అంది.

"అత్తమ్మా, ఇది నేనంటే బాగుండది. నువ్వే చెప్పు."

"ఏం చెప్పాలె?" అంది వదినె, అప్పటికే తలుపు చట్రం మీద చెయ్యి వేసి.

రాసినంత తేలిక కాదు అనడం.

"వదినె, కాలు పెట్టకు. ఇది పట్టు కాదు. లోపల ఏదో ఇరిగింది."

"దగ్గితే ఇరుగుతదా? మట్టి కుండవా నువ్వు?"

"ఏమో. నాకు భయమైతాంది."

వదినె చట్రం మీది చెయ్యి తీసేసింది. కాసేపు తన కాలి వైపు చూసుకుంది. "నా తమ్ముని నడుము మీద పెట్టిన కాలు ఇది. నీకు పనికిరాలే," అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. మా ఇంటి నుంచి చాయ్ తాగకుండా ఆమె వెళ్లడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

కొడుకు నా మీద కోపం తెచ్చుకున్నాడు. అయినా ఆటో పిలిచాడు. కంపెనీ దవాఖాన దూరమేమీ కాదు, కానీ రోడ్డు మీద ప్రతి స్పీడ్ బ్రేకరూ నా వీపులో నుంచి దాటిపోయింది. గేటు దగ్గర కోడలు పరుగెత్తి స్ట్రెచర్ తెప్పించింది.

ఎముకల డాక్టరు నడివయసు మనిషి. నన్ను పక్కకు తిప్పించి, మెడ దగ్గర నుంచి వెన్నుపూసలను ఒక్కొక్కటిగా వేలితో నొక్కుతూ కిందికి వచ్చాడు. ఆ చోటికి రాగానే నేను అరిచాను. ఆయన వెంటనే చెయ్యి తీసేశాడు. కాళ్లతో తన అరచేతులను తన్నమన్నాడు, బొటనవేళ్లు పైకి లేపమన్నాడు, తొడల మీద, పాదాల మీద దూదితో తాకి తెలుస్తోందా అని అడిగాడు. మూత్రం, దొడ్డి తెలియకుండా పోతున్నాయా అన్నాడు. లేదన్నాను. అదొక మంచి సంగతి అన్నాడు. జ్వరం, బరువు తగ్గడం, ఇంట్లో ఎవరికైనా టీబీ, ఆయాసానికో కీళ్ల నొప్పులకో ఏళ్ల తరబడి వాడిన గోలీలు, అన్నీ అడిగాడు. ఏవీ లేవు.

"నెలసరి ఏ వయసులో ఆగింది?"

కొడుకు తలుపు బయటికి చూశాడు. ఆగలేదని, ముప్పై నాలుగో ముప్పై ఐదో ఉన్నప్పుడు ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేశారని చెప్పాను. ఎర్రబట్ట ఎక్కువైతోందంటే వదినె నన్ను ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయింది. అంతకు ముందే ఆమె తనదీ అక్కడే తీయించుకుంది. మా లైనులో ఆ రోజుల్లో సగం మంది ఆడవాళ్లు అలాగే తీయించుకున్నారు. కుట్లు మానితే బొగ్గు తట్ట కూడా మోయొచ్చని వదినె నన్ను నవ్వించింది.

"గర్భసంచి ఒక్కటేనా, పక్కనుండే అండాశయాలు కూడా తీశారా?"

తెలియదన్నాను. తీసింది పళ్లెంలో పెట్టి బయట వదినెకు చూపించారు. నేను మత్తులో ఉన్నాను.

ఎక్స్‌రే తీయించాడు. పక్క నుంచి తీసిన దాన్ని వెలుతురు పెట్టె మీద పెట్టి మమ్మల్ని చూడమన్నాడు. వెన్నుపూసలు గూట్లో పేర్చిన సబ్బు బిళ్లల్లాగా ఉన్నాయి. ఒకటి మాత్రం వెనక ఎత్తు ఉన్నంత ముందు లేదు, ముందువైపు అణిగిపోయి తలుపు కింద దూర్చే చెక్క ముక్కలా ఉంది. దాని కింద రెండోదీ కొంచెం అలాగే ఉంది.

"ఇది ఇప్పుడు కుంగింది. కింది దాని అంచులు చూస్తే పాతదిలా ఉంది, ఎప్పుడో కుంగి మానింది. మీకు తెలియను కూడా తెలియలేదేమో. ఎముక గుల్లబారితే పడనక్కర్లేదమ్మా, వంగి దగ్గినా చాలు."

చిన్న వయసులోనే అండాశయాలు పోతే, ఎముకను కాపాడే హార్మోను అప్పుడే ఆగిపోతుందనీ, గుల్లబారడం అప్పటి నుంచే మొదలవుతుందనీ చెప్పాడు. మీది అదే కావచ్చు, కానీ వేరే జబ్బు ఏదీ దాక్కుని లేదని తేల్చుకోవాలి అని రక్త పరీక్షలు రాశాడు. నొప్పి తగ్గకపోయినా, కాళ్లలో బలం తగ్గినా, పెద్ద స్కానుకు కరీంనగర్ పంపుతానన్నాడు. తర్వాత, ఈ మధ్య పొట్టిగా అయ్యారా అని అడిగాడు.

నాకు మా ఇంటి అద్దం గుర్తొచ్చింది. వంటింటి గోడకు మేకు కొట్టి తగిలించిన అద్దం. అందులో నా మెడ, గొలుసు కనబడేవి. కొంతకాలంగా గడ్డం వరకే కనబడుతోంది. మేకు పైకి కొట్టావని కొడుకును తిట్టాను. వాడు కొట్టలేదంటే అబద్ధమాడుతున్నాడనుకున్నాను.

కొడుకు అప్పుడు మెల్లగా అడిగాడు, మా అత్త కాలు పెడతానన్నది సార్, పెట్టించకపోవడం మంచిదైందా అని. డాక్టరు ఎక్స్‌రే మీద నుంచి చూపు తిప్పాడు. "కండ పట్టేసినవాడికి నాలుగు రోజులకు దానంతట అదే తగ్గుతుంది, కాలు పెట్టినా పెట్టకపోయినా. దీని మీద బరువు పడితే ఇంకా కుంగేది. ముక్క వెనక్కి జరిగి నరాల మీద పడితే కాళ్లకే ముప్పు." కొడుకు ఇంటికి వచ్చేటప్పుడు ఆటోవాడిని ప్రతి గుంత దగ్గరా ఆపించాడు.

ఇంటికి వచ్చానే గానీ విడుదల కాలేదు. వీపుకు గట్టి బెల్టు. ముందుకు వంగొద్దు. బకెట్టు ఎత్తొద్దు. కింద కూర్చోవద్దు. తోమించుకోవద్దు. అలాగని పడుకునే ఉండొద్దు కూడా. పడుకుంటే ఎముక ఇంకా గుల్లబారుతుందట, రొమ్ములో నెమ్ము చేరుతుందట. నొప్పి గోలీ పని చేస్తున్నప్పుడు లేచి రోజూ కాస్త కాస్త నడవాలి. లేవడం అంటే ఇదివరకటిలా దిగ్గున లేవడం కాదు. మోకాళ్లు ముడిచి, భుజాలూ నడుమూ కలిపి దుంగలాగా పక్కకు దొర్లి, కాళ్లు కిందికి జార్చి, మోచేత్తో నొక్కుతూ లేవాలి. దగ్గు వస్తే నిటారుగా కూర్చుని దిండును రొమ్ముకు హత్తుకుని దగ్గాలి. రక్త పరీక్షలు మంచిగా వచ్చాక ఎముకలకు గోలీ ఇచ్చారు. అది వారానికొకటి. పరగడుపున గ్లాసు నిండా నీళ్లతో మింగి, తర్వాత అరగంట వరకూ పడుకోకుండా, ఏమీ తినకుండా నిటారుగా ఉండాలి. లేకపోతే గొంతు కింద పుండు పడుతుందన్నారు. ఆ అరగంట నేను గోడకు ఆనుకుని కుర్చీలో కూర్చుని, గేటు వైపు చూసేదాన్ని. పరగడుపు వేళ కదా. ఆ వేళకు ఎవరైనా నడుము పట్టినవాడు వదినె గడప దగ్గర పడుకుని ఉంటాడు.

వదినె రాలేదు. కోడలు వెళ్లి అంతా చెప్పి వచ్చింది. విన్నదట, మంచిదే అన్నదట. ఒకరోజు నా కొడుకు చేత కోడికూర పంపింది. నాకు మంచం ఒక గోడ, బెల్టు ఒక గోడ. ఆమె రాకపోవడం మూడోది. చేసింది సరైనదేనని ఎక్స్‌రే చెప్పింది. అయినా ఆమె కాలును నేను అందరి ముందు తిప్పికొట్టాను. ఆ మాట ఏ ఎక్స్‌రేలోనూ కనబడదు.

నొప్పి తగ్గడానికి వారాలు పట్టింది. ఒక పొద్దున కొడుకు షిఫ్టులో ఉన్నాడు, కోడలు రేషన్ షాపుకు పోయింది. నాకు దొడ్డికి పోవాల్సి వచ్చింది. ఎవరినీ పిలవకుండా లేద్దామని పట్టుదల వచ్చింది. మోకాళ్లు ముడిచాను, దొర్లాను, కాళ్లు జార్చాను, మోచేత్తో లేచి కూర్చున్నాను. అంతవరకు వచ్చింది. నిలబడబోతే పాదాలు నున్నటి బండల మీద ముందుకు జారుతున్నాయి. వెనక్కి పడుకోవాలన్నా పడుకోలేను. మంచం అంచున, సగం లేచి, రెండు చేతులతో పట్టె పట్టుకుని అలాగే ఇరుక్కుపోయాను. నల్లా దగ్గర ఉన్నట్టే.

గేటు చప్పుడైంది. వదినె లోపలికి వచ్చి నన్ను చూసింది.

ఎత్తబోయింది. ఎత్తొద్దు వదినె, లాగితే నొస్తది, కాళ్లు జారుతున్నయ్ అంతే అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత చెప్పులు విడిచి నా ముందుకు వచ్చి నిలబడి, తన కుడికాలిని నా రెండు పాదాల ముందు అడ్డంగా పెట్టింది.

"దీన్ని తన్ని లేవు," అంది. "ఇంతకంటే ఏం పనికొస్తది నా కాలు."

నేను వేళ్లను ఆమె పాదానికి ఆనించాను. ఆమె కదలలేదు. పట్టె మీద చేతులు ఊని, వీపు వంచకుండా, లేచి నిలబడ్డాను. పెరటి దాకా పక్కన నడిచింది, పట్టుకోకుండా, పడితే పట్టుకునేంత దగ్గరగా.

తిరిగి వచ్చేటప్పుడు వంటింటి అద్దం ముందు ఇద్దరం ఆగాం. చాయ్ పెడదామని ఆమె అటు తిరిగింది. అద్దంలో నా ముఖం గడ్డం వరకు కనబడింది. పక్కన ఆమె ముఖం ముక్కు వరకే ఉంది. మా ఆయన కంటే కూడా పొడుగుండేది మా వదినె. ఒకప్పుడు ఇదే అద్దంలో బొట్టు పెట్టుకోవడానికి వంగేది.

"అద్దం పైకి కొట్టిండా నీ కొడుకు?" అంది.

"కొట్టలే."

ఆమె అద్దంలోకి చూస్తూ ఉండిపోయింది. పళ్లెంలో ఏమేం చూపించారు వదినె ఆ రోజు, అని అడిగాను. ఏదో ఎర్రటి ముద్ద, పక్కన ఇంకా రెండు చిన్నవి, నాకేం తెలుసు అంది. ఆమె ఆపరేషన్ అప్పుడు పళ్లెం చూసినవాళ్లు ఇప్పుడు లేరు.

మంగళవారం నేను డాక్టరుకు చూపించుకోవాలి. నాతో రమ్మన్నాను. నాకేమైంది, నేను గట్టిగనే ఉన్న అని స్టవ్ ముట్టించింది. పాలు పొంగాక మంట తగ్గించింది. తర్వాత నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఆ ఎక్స్‌రే తీసేటప్పుడు బోర్ల పండాలెనా?"

"కాదు వదినె. పక్కకు."